ఆహ్వానంలో సమయం మార్చాక అప్‌డేట్ చాలునా, వేరే మెయిల్ రాయాలా?

దర్శి మెట్ట

ప్రకాశం జిల్లాలో ఒక రైతు ఉత్పత్తిదారుల సంస్థకు సమావేశాలు ఏర్పాటు చేసే పని నాది. మొన్న జరిగిన ఒక పొరపాటును మీ ముందు పెడుతున్నాను, ఎందుకంటే తప్పు నాదేనని తెలిసినా అది ఏ మెట్టు దగ్గర జరిగిందో నాకు ఇంకా అర్థం కాలేదు.

మార్చి 6, గురువారం ఉదయం 11 గంటలకు ఒంగోలు ఆఫీసులో కందుల కొనుగోలు గురించి సమావేశమని గూగుల్ క్యాలెండర్‌లో పన్నెండు మందికి ఆహ్వానం పంపాను. వారిలో తొమ్మిది మంది మా వాళ్లే, అందరికీ జీమెయిల్ ఉంది. మిగిలిన ముగ్గురు బయటివారు: ఒకరు బ్యాంకు అధికారి, ఒకరు బీమా సంస్థ మనిషి, ఒకరు పప్పు మిల్లు యజమాని. ఈ ముగ్గురికీ వారి వారి ఆఫీసు మెయిల్ చిరునామాలు ఉన్నాయి, వాళ్లు ఔట్‌లుక్ వాడతారు. మంగళవారం సాయంత్రం, సరుకును కళ్లారా చూసి మాట్లాడుకుంటే బాగుంటుందని పెద్దలు నిర్ణయించడంతో, సమావేశం శుక్రవారం మధ్యాహ్నం 3 గంటలకు దర్శి గోదాము దగ్గరికి మారింది.

నేను పాత ఆహ్వానాన్నే తెరిచి రోజు, సమయం, చోటు మార్చి సేవ్ చేశాను. అతిథులకు అప్‌డేట్ మెయిల్ పంపాలా అని అది అడిగినప్పుడు, వాట్సాప్ గ్రూపులో ఎలాగూ చెబుతున్నాను కదా, ఒకే సంగతి రెండుసార్లు ఎందుకని `Don't send` నొక్కాను. ఆ గ్రూపులో బయటివారు ముగ్గురూ లేరన్న సంగతి ఆ క్షణాన నాకు తట్టలేదు.

గురువారం 11 గంటలకు బ్యాంకు అధికారి ఒంగోలు ఆఫీసుకు వచ్చి తాళం చూసి వెనుదిరిగారు. అంతకంటే విచిత్రం ఏమిటంటే, వాట్సాప్ చూసే అలవాటు లేని మా డైరెక్టరు ఒకరు గురువారం పొద్దున తన ఫోన్‌లో క్యాలెండర్ తెరిస్తే ఆ రోజున సమావేశమే కనిపించలేదట. రద్దయిందనుకుని ఆయన పొలానికి వెళ్లిపోయారు, శుక్రవారం కూడా రాలేదు. ఒకే బటను నొక్కితే ఒకరికి పాతదే మిగిలింది, మరొకరికి ఉన్నది మాయమైంది. ఇది ఎలా జరిగింది? `Send` నొక్కి ఉంటే సరిపోయేదా, లేక విడిగా మెయిల్ రాసి ఉండాల్సిందా?

కావలి రైలు

అమ్మా, దీనిలో అర్థం కానిది ఏమీ లేదు. `Don't send` అంటే మీ మార్పు మీ దగ్గరే ఉండిపోతుంది, ఇతరులెవ్వరికీ చేరదు. మీ డైరెక్టరు గారు బహుశా వేరే వారం తెరిచి చూసి ఉంటారు. `Send` నొక్కి ఉంటే పన్నెండు మందికీ అప్‌డేట్ వెళ్లేది, అది కూడా మెయిలే కదా, మళ్లీ ఇంకొక మెయిల్ రాయడం చేసిన పనినే తిరిగి చేయడం. మా ఆఫీసులో ఆరేళ్లుగా అప్‌డేట్ తప్ప వేరే ఏదీ పంపము, ఎవరూ దారి తప్పలేదు.

పెన్నా గట్టు

కావలి గారి మాటలో సగం నిజం ఉంది. బయటివారి విషయంలో మీరన్నది సరే. కానీ డైరెక్టరు గారు వేరే వారం చూడలేదు, ఆయన చూసింది సరైన రోజునే.

నెల్లూరులో ఒక సంస్థకు మెయిల్ వ్యవస్థ నడిపించే పనిలో ఉన్నాను కనుక ఈ ఫిర్యాదు నాకు నెలకొకసారైనా వస్తుంది. గూగుల్ క్యాలెండర్ వాడే అతిథులకు, ఆహ్వానించిన వారికి మధ్య ఉన్నది ఒకే వ్యవస్థ. మీరు సేవ్ చేయగానే, మెయిల్ పంపినా పంపకపోయినా, వారి క్యాలెండర్‌లోని గడి నేరుగా కొత్త రోజుకు జరిగిపోతుంది. మీరు `Don't send` అన్నది మార్పును ఆపలేదు, మార్పు జరిగిందన్న కబురును మాత్రమే ఆపింది. అందుకే ఆయనకు గురువారం ఖాళీగా కనిపించింది. శుక్రవారానికి జరిపి చూసి ఉంటే అక్కడ సమావేశం ఉండేది, కానీ మనిషి తాను అనుకున్న రోజునే వెతుకుతాడు తప్ప పక్క రోజును తెరిచి చూడడు.

ఔట్‌లుక్ వాడే ముగ్గురి సంగతి వేరు. వారి సర్వరుకు, గూగుల్‌కు మధ్య ఉన్న దారి మెయిల్ ఒక్కటే. మీరు ఆహ్వానం పంపినప్పుడు ఆ మెయిల్‌లో ఒక చిన్న ఫైలు కూడా వెళుతుంది, మార్చినప్పుడు అదే ఫైలు కొత్త వివరాలతో మళ్లీ వెళ్లాలి. మీ విషయంలో రెండవసారి వెళ్లవలసిన ఫైలు, అనవసరమైనవన్నీ తీసేస్తే, ఇలా ఉండేది:

```
METHOD:REQUEST
UID:kandi-0306@example.org
SEQUENCE:1
DTSTART;TZID=Asia/Kolkata:20250307T150000
LOCATION:దర్శి గోదాము
```

ఇందులో `UID` మొదటి ఆహ్వానంలో ఉన్నదే. అది మారనందుకే ఔట్‌లుక్ దీనిని కొత్త సమావేశమని భ్రమపడకుండా పాత గడినే జరుపుతుంది. మొదటి ఆహ్వానంలో 0 గా ఉన్న `SEQUENCE` ఇప్పుడు 1 అయింది, కనుక ఇదే తాజా కబురని దానికి తెలుస్తుంది. ఈ పద్ధతి గూగుల్‌దో మైక్రోసాఫ్ట్‌దో కాదు, 2009లో వచ్చిన RFC 5545, RFC 5546 అనే రెండు ప్రమాణ పత్రాలలో ఉంది, అందుకే ఒకరి ఆహ్వానం మరొకరి క్యాలెండర్‌లో పనిచేస్తున్నది. మెయిల్ వెళ్లకపోతే ఫైలూ వెళ్లదు, ఫైలు వెళ్లకపోతే బ్యాంకు అధికారి క్యాలెండర్‌లో గురువారం 11 గంటలు అలాగే ఉండిపోతుంది, పైగా ముందుగా గంట కూడా మోగి ఆయనను ఒంగోలుకు పంపుతుంది.

కాబట్టి బయటి చిరునామా ఒక్కటి ఉన్నా `Don't send` నొక్కకూడదు. ప్రోగ్రాం రాసి సమావేశాలు మార్చేవారికి గూగుల్ ఇచ్చిన వివరణలో కూడా, `sendUpdates` అన్నచోట `none` పెడితే బయటి క్యాలెండర్లకు మార్పు చేరకపోవచ్చని, కొందరికి ఆ సమావేశమే కనబడకుండా పోవచ్చని హెచ్చరిక ఉంది. బయటివారికి మాత్రమే మెయిల్ వెళ్లేలా `externalOnly` అని మరొక విలువ కూడా అక్కడ ఉంది, కానీ మనం తెర మీద నొక్కే చోట అది కనిపించదు.

ఉదయగిరి

నేను విశ్రాంత ప్రధానోపాధ్యాయుడిని. నాకూ ఇదే సమస్య ఉంది. ఫోన్‌లో క్యాలెండర్ ఉంది, అందులో సంఘం సమావేశాలు కనిపిస్తాయి, కానీ ముందుగా గంట మోగడం లేదు. ఆహ్వానం పంపినవారు `Send` నొక్కకపోవడమే దీనికి కారణమా? వారిని అడిగితే నొక్కామనే చెబుతున్నారు.

కావలి రైలు

మాస్టారూ, అది వేరే సంగతి. మీ ఫోన్‌లో క్యాలెండర్ యాప్‌కు నోటిఫికేషన్ అనుమతి ఉందో లేదో సెట్టింగ్స్‌లో చూడండి. పంపినవారి తప్పు ఏమీ ఉండదు.

పెన్నా గట్టు గారూ, జీమెయిల్ వారికి గడి దానంతట అదే జరుగుతుందన్నది నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. అయినా నా రెండవ మాట నిలిచే ఉంది. `Send` నొక్కి ఉంటే ఈ చర్చే లేదు.

గూడూరు నిమ్మ

పంపేవారందరూ మాట్లాడారు, అందుకునేవాడిగా నేను కొంత చెబుతాను. నిమ్మకాయల వ్యాపారం నాది, గూడూరు మార్కెట్‌లో ఉంటాను. కొనేవాళ్లు, రవాణావాళ్లు, శీతల గిడ్డంగివాళ్లు అందరూ ఆహ్వానాలు పంపుతుంటారు. నా పెట్టెలో `Updated invitation:` అని మొదలయ్యే మెయిళ్లు వారానికి పది దాకా ఉంటాయి. వాటిలో ఎనిమిదింటిలో మారింది ఏమిటని చూస్తే, వీడియో లింకు చేర్చారనో, వివరణలో ఒక అక్షరం దిద్దారనో, ఇంకొకరిని పిలిచారనో ఉంటుంది. అలా అలవాటు పడ్డాక ఆ మాటతో మొదలయ్యే మెయిల్‌ను తెరవడం మానేశాను. నిజంగా రోజు మారిన మెయిల్ కూడా బయటికి అదే ముఖంతో వస్తుంది. తెరిస్తే లోపల పాత సమయం కొట్టేసి, కొత్తది పక్కన రాసి ఉంటుంది, ఆ మాట నిజమే. కానీ తెరిస్తే కదా!

ఇంకొక సంగతి. మా అబ్బాయి నా క్యాలెండర్ సెట్టింగ్స్‌లో మార్పుల మెయిళ్లు రాకుండా చేశాడు. సెట్టింగ్స్‌లో నా క్యాలెండర్ పేరు కింద `Changed events` అని ఒకటి ఉంది, దాన్ని `None` చేస్తే ఎవరు `Send` నొక్కినా నాకు మెయిల్ రాదు, గడి మాత్రం జరుగుతుంది. కనుక కావలి గారూ, మీరు ఆరేళ్లుగా పంపిన అప్‌డేట్లు ఎంతమంది చూశారో మీకు తెలిసే దారి లేదు. మీ వాళ్లందరూ ఒకే భవనంలో ఉండి, నడవాలో ఎదురుపడి చెప్పుకుంటూ ఉండవచ్చు.

కావలి రైలు

ఒకే భవనమే. అది నేను ఆలోచించలేదు.

దర్శి మెట్ట

అయితే `Send` నొక్కి ఉంటే బ్యాంకు అధికారి క్యాలెండర్ సరిగా మారేది, మా డైరెక్టరుకు ఒక మెయిల్ వెళ్లేది, కానీ ఆయన దాన్ని చూస్తారన్న నమ్మకం లేదు. నాకు అర్థమైనది సరేనా? సరే అయితే, ప్రతి చిన్న మార్పుకూ విడిగా మెయిల్ రాస్తే గూడూరు గారి లాంటివారు ఆ మెయిళ్లను కూడా చూడడం మానేస్తారు కదా. గీత ఎక్కడ గీయాలి?

పెన్నా గట్టు

మీకు సరిగానే అర్థమైంది. అప్‌డేట్ క్యాలెండర్‌కు చెప్పే మాట, విడి మెయిల్ మనిషికి చెప్పే మాట. మొదటిది ఎప్పుడూ చేయాలి, రెండవది ఎప్పుడు చేయాలన్నదే ప్రశ్న.

నేను చూసేది ఒక్కటే: ఈ మార్పు తెలియని మనిషి పాత సమాచారంతోనే కదిలితే ఏం పోతుంది? ఒంగోలు ఆఫీసులోనే పై అంతస్తు గదికి మారిందనుకోండి, తెలియనివారు కింద గదికి వచ్చి అడిగి పైకి వెళతారు, రెండు నిమిషాలు పోతాయి. దీనికి అప్‌డేట్ చాలు. వీడియో లింకు మారితే క్యాలెండర్‌లో కొత్త లింకే ఉంటుంది, వాళ్లు నొక్కేదీ దాన్నే, కాబట్టి అప్పుడూ అప్‌డేట్ చాలు. కానీ ఒంగోలు నుంచి దర్శికి మారితే, తెలియని మనిషి గంటకు పైగా దూరంలో తప్పు ఊళ్లో నిలబడి ఉంటాడు. రోజు మారితే వేరే పనికి ఒప్పుకుని ఉంటాడు. సమావేశానికి ముందు చదవవలసిన కాగితమో తేవలసిన లెక్కో మారితే ఖాళీ చేతులతో వస్తాడు. ఈ మూడింటికీ విడి మెయిల్ రాయాలి. అలాగే 24 గంటలలోపు జరగబోయేదానిలో సమయం ఒక్కటే మారినా రాయాలి, ఇంకా దగ్గరగా ఉంటే మెయిల్ కూడా కాదు, ఫోనే చేయాలి.

మీ విషయంలో మంగళవారం సాయంత్రం 5 గంటలకు ఏం చేసి ఉండవలసిందో చెబుతాను. మొదట ఆహ్వానాన్ని మార్చి `Send` నొక్కాలి. నొక్కే ముందు అక్కడే అతిథులకు ఒక మాట రాసే చోటు ఉంటుంది, దాన్ని ఖాళీగా వదలకుండా “గురువారం ఒంగోలు బదులు శుక్రవారం దర్శి” అని రాయాలి. అప్‌డేట్ వెళ్లిన తరువాతే విడి మెయిల్ రాయాలి. తారుమారు చేస్తే, మెయిల్ చదివి వెంటనే క్యాలెండర్ తెరిచిన మనిషికి అక్కడ పాతదే కనిపించి ఏది నమ్మాలో తెలియదు.

విడి మెయిల్ విషయ పంక్తిలోనే పాతదీ కొత్తదీ రెండూ ఉండాలి, ఎందుకంటే చాలామంది ఫోన్ తెర మీద ఆ ఒక్క పంక్తినే చూస్తారు. నేను ఇలా రాస్తాను:

“విషయం: గురువారం (6న) ఒంగోలులో సమావేశం లేదు, శుక్రవారం (7న) మధ్యాహ్నం 3కు దర్శి గోదాములో

నమస్కారం. కందుల కొనుగోలు సమావేశం మార్చి 6, గురువారం ఉదయం 11 గంటలకు ఒంగోలు ఆఫీసులో జరగదు. దానికి బదులుగా మార్చి 7, శుక్రవారం మధ్యాహ్నం 3 గంటలకు దర్శిలోని మన గోదాములో జరుగుతుంది. సరుకును చూసి ధర మాట్లాడుకోవడానికి ఈ మార్పు చేశాము. మీ క్యాలెండర్‌లోని ఆహ్వానం ఇప్పటికే మారి ఉండాలి. అక్కడ ఇంకా గురువారమే కనిపిస్తుంటే ఈ మెయిల్‌నే లెక్కలోకి తీసుకోండి. శుక్రవారం రాగలరో లేదో బుధవారం మధ్యాహ్నానికి ఈ మెయిల్‌కే జవాబుగా తెలియజేయండి.”

“మారింది” అని మాత్రమే రాసి కొత్త సమయం ఇస్తే, పాతదానికి అదనంగా ఇంకొక సమావేశం ఉందని అనుకునేవారు ఉంటారు. అందుకే “గురువారం లేదు” అన్న మాటను నేను మొదట పెడతాను. జవాబు ఎప్పటిలోగా కావాలో చెప్పడం వల్ల బుధవారం మధ్యాహ్నానికి జవాబు రాని పేర్లు మీకు దొరుకుతాయి, వారికి ఫోన్ చేస్తే పని అయిపోతుంది. పన్నెండు మందిలో అలాంటివారు ముగ్గురు నలుగురికి మించరు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. గూగుల్ క్యాలెండర్‌లో సమావేశం తెరిస్తే కవరు బొమ్మతో `Email guests` అని కనిపిస్తుంది. అతిథుల చిరునామాలన్నీ దానంతట అవే వస్తాయి కాబట్టి విడి మెయిల్ రాయడానికి అది అనువుగా ఉంటుంది. కానీ దాని నుంచి వెళ్లేది మామూలు మెయిలే, అందులో క్యాలెండర్ ఫైలు ఉండదు. ఇంతకుముందు `Don't send` నొక్కిన తప్పును దీనితో దిద్దుకున్నామని కొందరు అనుకుంటారు, అది నిజం కాదు. బయటివారి గడి జరగాలంటే సమావేశాన్ని మళ్లీ తెరిచి, వివరణలో ఒక మాట చేర్చి సేవ్ చేసి, ఈసారి `Send` నొక్కాలి.

చీమకుర్తి లెక్కలు

ఇక్కడ ఇంకొక సంగతి చెప్పకపోతే బాగుండదు. దర్శి మెట్ట గారి సమావేశంలో డైరెక్టర్లు ఉన్నారన్నారు. అది బోర్డు సమావేశమైతే క్యాలెండర్ ఆహ్వానమే నోటీసుగా సరిపోతుంది, ఎందుకంటే 2013 కంపెనీల చట్టంలో 173వ సెక్షన్ ఎలక్ట్రానిక్ పద్ధతిలో నోటీసు పంపవచ్చని చెబుతున్నది. మా క్లయింట్లు ఇద్దరు అలాగే చేస్తున్నారు.

గూడూరు నిమ్మ

లెక్కలు గారూ, పంపవచ్చన్నారు సరే, అదే సెక్షన్ ఏడు రోజులకు తక్కువ కాకుండా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలని కూడా చెబుతున్నది కదా. మంగళవారం సాయంత్రం మార్చి శుక్రవారానికి పెడితే మూడు రోజులు కూడా లేవు.

చీమకుర్తి లెక్కలు

అది నిజమే. తక్కువ గడువులో పిలవడానికి చట్టంలో వేరే వీలు ఉంది కానీ దానికి షరతులు ఉన్నాయి, ఉత్పత్తిదారుల కంపెనీలకైతే ఆ కారణాన్ని రాతలో నమోదు చేయాలని ప్రత్యేకంగా ఉంది. నేను తొందరపడి చెప్పాను. ఆహ్వానం మెయిల్‌గా చేరినా, తరువాత ఎవరైనా సమయం మార్చి `Don't send` నొక్కితే డైరెక్టర్ల క్యాలెండర్‌లో పాతది మాయమవుతుంది, ఎవరికి ఎప్పుడు ఏ నోటీసు వెళ్లిందో చూపించే కాగితం మన దగ్గర ఉండదు. బోర్డు విషయంలో విడి మెయిల్, దానికి జతగా నోటీసు కాగితం, ఈ రెండూ తప్పనిసరి. క్యాలెండర్ గుర్తు చేయడానికి మాత్రమే. క్లయింట్లకు కూడా ఇదే చెబుతాను.

దర్శి మెట్ట

అది బోర్డు సమావేశం కాదు, కొనుగోలు కమిటీది, డైరెక్టర్లు ఇద్దరు అందులో సభ్యులు. అయినా బోర్డు సమావేశాలకు కూడా నేనే ఆహ్వానాలు పంపుతాను కనుక ఈ మాట నాకు పనికివచ్చింది.

కావలి రైలు

నా మాట సగమే నిజమని తేలింది కాబట్టి మిగతా సగాన్ని కూడా పరీక్షకు పెడతాను. మా ఆఫీసులో ఔట్‌లుక్ ఉంది. సమావేశం సమయం మార్చి అప్‌డేట్ పంపితే, అంతకుముందు వస్తామని ఒప్పుకున్నవారి జవాబులన్నీ చెరిగిపోయి మళ్లీ జవాబు అడుగుతుంది. ఆ పద్ధతి ఉన్నప్పుడు విడి మెయిల్‌లో జవాబు అడగడం ఎందుకు? క్యాలెండర్‌లోనే ఎవరు ఒప్పుకున్నారో తెలుస్తుంది. పైగా ఒకరు మెయిల్‌కు జవాబిస్తారు, ఇంకొకరు క్యాలెండర్‌లో నొక్కుతారు, చివరికి రెండు లెక్కలు కలపవలసి వస్తుంది. నాకు ఇది నచ్చలేదు.

ఇంకొకటి. కొత్తగా ఒక్కరిని చేర్చినప్పుడు ఔట్‌లుక్ `Send updates only to added or deleted attendees` అని అడుగుతుంది. దాన్ని ఎంచుకుంటే మిగతావారికి మెయిల్ వెళ్లదు. గూడూరు గారి పెట్టెలోని పది మెయిళ్లలో సగం, ఇది తెలియనివారు పంపినవే అయి ఉంటాయి.

పెన్నా గట్టు

చివరి మాట చాలా సరైనది. అనవసరమైన అప్‌డేట్లు తగ్గితేనే అవసరమైనది కంటపడుతుంది. వివరణలో అక్షరదోషం దిద్దినప్పుడు, అతిథులందరూ ఒకే గూగుల్ వ్యవస్థలో ఉంటే, `Don't send` నొక్కడంలో తప్పేమీ లేదు. ఆ బటను ఉన్నది అందుకే.

జవాబుల విషయంలో మీతో పూర్తిగా ఒప్పుకోలేను, పూర్తిగా కాదనలేను. అందరూ ఒకే ఔట్‌లుక్‌లో ఉన్న ఆఫీసుకు మీ పద్ధతే మేలు. దర్శి మెట్ట గారి జాబితాలో క్యాలెండర్‌లో ఎప్పుడూ ఏదీ నొక్కని రైతులు ఉన్నారు, వేరే వ్యవస్థవారు ఉన్నారు. పాత రోజుకు చెప్పిన “వస్తాను” కొత్త రోజుకు కూడా అతుక్కుని ఉండిపోయిందో లేదో ప్రతి పేరుకూ చూసుకోవాలి. అది చూసుకునే బదులు మెయిల్‌లో అడగడం నాకు తేలికగా తోచింది. రెండు లెక్కలు కలపవలసి వస్తుందన్న మీ ఇబ్బందికి నా దగ్గర జవాబు లేదు.

గూడూరు నిమ్మ

అడిగిన మెయిల్‌కు జవాబివ్వడం నాకు సులభం, క్యాలెండర్‌లో నొక్కడం గుర్తుండదు. నా వంటివారు ఎక్కువ ఉన్న చోట పెన్నా గట్టు గారి పద్ధతే నడుస్తుంది.

అయితే పాత మెయిల్‌కు జవాబుగా ఆ మార్పు రాయకండి. “Re:” అని మొదలైతే పాత సంభాషణలో కలిసిపోతుంది, విషయ పంక్తి కూడా పాతదే ఉంటుంది. కొత్త మెయిల్‌గానే రాయండి.

కావలి రైలు

పాత సంభాషణలోనే ఉంటే మొదటి వివరాలన్నీ ఒకచోట ఉంటాయి కదా, వెతుక్కోనక్కర్లేదు.

గూడూరు నిమ్మ

పాత వివరాలతోనే కదా ప్రమాదం. మీకు ఒకచోట కావాలి, నాకు పాతది కంటపడకూడదు. ఇది ఎవరి అలవాటు వారిది.

ఉదయగిరి

కావలి అబ్బాయి చెప్పినట్టు నోటిఫికేషన్ అనుమతి ఆపి ఉంది, ఇప్పుడు గంట మోగుతున్నది. ఇంతసేపు మీ మాటలన్నీ చదివాక ఒక సందేహం వచ్చింది. సమావేశం రోజు, చోటు, విషయం, వచ్చే మనుషులు అన్నీ మారిపోతే పాత ఆహ్వానాన్నే దిద్దాలా, దాన్ని తీసివేసి కొత్తది రాయాలా? మా సంఘంలో కార్యదర్శి పాతదాన్ని తీసివేసి కొత్తది పంపుతాడు, కొందరికి రెండూ కనిపిస్తున్నాయి.

పెన్నా గట్టు

మాస్టారూ, విషయమూ మనుషులూ రెండూ మారితే కొత్తది రాయడమే మేలు, ఎందుకంటే అది పాత సమావేశం కాదు. కానీ పాతదాన్ని తీసివేసేటప్పుడు కూడా అతిథులకు రద్దు మెయిల్ పంపాలా అని అదే ప్రశ్న వస్తుంది. మీ కార్యదర్శి అక్కడ `Don't send` నొక్కుతున్నారేమో చూడండి. అలా చేస్తే బయటి క్యాలెండర్ వాడేవారికి పాతది పోదు, కొత్తది వేరే `UID`తో వస్తుంది, కనుక రెండూ పక్కపక్కన ఉంటాయి.

రోజో చోటో మాత్రమే మారితే మాత్రం తీసివేసి కొత్తది పంపవద్దు. ఒప్పుకున్నవారి జాబితా పోతుంది, వివరణలో పెట్టిన కాగితాలు పోతాయి, ఆపైన రద్దు మెయిల్ చూసి కొత్త మెయిల్ చూడనివారు ఇంట్లో ఉండిపోతారు.

దర్శి మెట్ట

నిన్న ఇంకొక సమావేశం మార్చవలసి వచ్చింది కాబట్టి మీరు చెప్పినట్టు చేసి చూశాను. అప్‌డేట్‌లో మాట రాసి `Send` నొక్కాను, తరువాత విడి మెయిల్ పంపాను, ఈ రోజు మధ్యాహ్నానికి తొమ్మిది జవాబులు వచ్చాయి, మిగిలిన ముగ్గురికి ఫోన్ చేశాను. వారిలో ఇద్దరు మెయిల్ చూశారు కానీ జవాబివ్వలేదు.

మూడవవారు బ్యాంకు అధికారి. ఆయన ఈ మధ్య బదిలీ అయ్యారట, తన స్థానంలో వచ్చినావిడకు మా పాత ఆహ్వానాన్ని ఫార్వర్డ్ చేశారట. నా జాబితాలో ఆమె పేరే లేదు. ఫోన్‌లో మాట్లాడితే, ఆమె క్యాలెండర్‌లో ఇంకా పాత రోజే ఉందని చెప్పారు.

పెన్నా గట్టు

ఫార్వర్డ్ చేసిన ఆహ్వానంలో వచ్చిపడే ఇబ్బంది అదే. ఆ ఫైలును ఆమె తన క్యాలెండర్‌లో చేర్చుకున్నారు, కానీ మీ అతిథుల జాబితాలో లేనంతవరకు మీ మార్పు ఏదీ ఆమెకు వెళ్లదు, అప్‌డేటూ వెళ్లదు, `Email guests` నుంచి రాసిన మెయిలూ వెళ్లదు. ఇప్పుడు ఆమె చిరునామాను అతిథులలో చేర్చి `Send` నొక్కండి, పాత అధికారిని తీసివేయండి. ఆమె క్యాలెండర్‌లో పాత గడి జరుగుతుందో, పక్కన రెండవది పుడుతుందో ఆమెనే చూసి చెప్పమనండి. రెండవది పుడితే పాతదాన్ని ఆమె చేతితోనే తొలగించాలి, ఇక్కడి నుంచి మనం చేయగలిగింది లేదు.

దర్శి మెట్ట

చేర్చాను. రెండూ కనిపిస్తున్నాయట. పాతదాన్ని తీసివేశానని ఇప్పుడే చెప్పారు.